ఈజీఎం పెట్టమని అడిగితే కాదనే అధికారం బోర్డుకు లేదు

“వాటాదారులు ఎంతమంది సంతకాలు పెట్టినా ఈజీఎం పెట్టాలా వద్దా అన్నది బోర్డు ఇష్టం. అజెండా సబబుగా లేదనిపిస్తే తిరస్కరించవచ్చు. కారణాలు, ఆధారాలు జతచేయని లేఖ చెల్లదు. బోర్డు పట్టించుకోకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లాల్సిందే, ఖర్చు మీ జేబులోదే. ఊరికే ఆయాసపడకండి.”
— విశాఖ వాటాదారుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం

ఈజీఎం అంటే ఏటా జరిగే సర్వసభ్య సమావేశం కాకుండా, మధ్యలో అవసరం పడి పిలిచే వాటాదారుల సమావేశం. నెల రోజుల్లో నలుగురు నాకు ఈ సందేశమే పంపి నిజమేనా అని అడిగారు. పాతికేళ్లుగా కంపెనీ సెక్రటరీ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చెబుతాను. ఈ మధ్య నా చేతి మీదుగా వెళ్లిన ఓ వ్యవహారం ఇందుకు బాగా పనికొస్తుంది. రిజిస్టర్డ్ ఆఫీసు విశాఖలోనే ఉన్న పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అది, స్టాక్ ఎక్స్ఛేంజిలో లేదు. పేరు మనకు అనవసరం.

మొదటి మాట, “బోర్డు ఇష్టం”. 2013 కంపెనీల చట్టం 100వ సెక్షన్ రెండు దారులు చూపిస్తుంది. బోర్డు తనకు తోచినప్పుడు సమావేశం పిలవడం ఒకటి. సభ్యులు కోరినప్పుడు పిలవడం రెండోది, ఇందులో ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. ఓటు హక్కున్న చెల్లింపు మూలధనంలో కనీసం పదో వంతు ఉన్నవారు చర్చించాల్సిన విషయాలు రాసి, సంతకాలు చేసి రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపితే చాలు. తలల లెక్క లేదు. పదో వంతు ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరి సంతకం సరిపోతుంది.

అయితే ఆ పదో వంతు లెక్క దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నేను చెప్పిన కంపెనీలో పది రూపాయల షేర్లు 20 లక్షలు. అంటే కావలసింది 2 లక్షల షేర్లు. ఏడుగురు కలిసి 2,12,000 షేర్లు చూపించి, ఒక డైరెక్టరును తొలగించే తీర్మానం కోసం సమావేశం కోరారు. అందులో 15,000 షేర్లు ఒకాయనకు తండ్రి నుంచి వచ్చినవి. తండ్రి పోయి రెండేళ్లయినా వాటిని తన పేరుకు మార్పించుకోలేదు. లేఖ కంపెనీకి అందిన రోజున సభ్యుల రిజిస్టర్‌లో ఎవరి పేరుందన్నదే లెక్క. ఆ 15,000 తీసేస్తే మిగిలింది 1,97,000. మూడు వేలు తక్కువ. బోర్డు లేఖను తిప్పి పంపింది. అక్కడ బోర్డుదే న్యాయం, నేను కూడా అదే మాట చెప్పాను.

8,000 షేర్లున్న ఓ పోర్టు రిటైర్డు ఉద్యోగి చేరాక 2,05,000తో మళ్లీ రాశారు. జూన్ 1 తేదీ వేసిన ఆ లేఖ జూన్ 3న అందింది. మొదటిసారి లేఖ ఫొటోను మేనేజింగ్ డైరెక్టర్ ఫోనుకు కూడా పంపి మురిసిపోయారు, ఈసారి వద్దన్నాను. రిజిస్టర్డ్ ఆఫీసుకు చేరిందనే రసీదు ఒక్కటే రేపు అక్కరకొచ్చేది.

జూన్ 20న జవాబొచ్చింది. ప్రతిపాదన కంపెనీ ప్రయోజనాలకు భంగకరమని, సమావేశం పిలవలేమని అందులో రాశారు. సందేశంలో రెండో మాట సరిగ్గా ఇదే, తప్పూ ఇక్కడే ఉంది. ఆ సెక్షన్‌లో ‘చెల్లుబాటయ్యే’ కోరిక అన్న పదం ఉంది. ఆ పదాన్ని పట్టుకుని తీర్మానం మంచిచెడ్డలు కూడా తామే తూచవచ్చని బోర్డులు అనుకుంటాయి. జీ ఎంటర్‌టైన్‌మెంట్ వివాదంలో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే. దాదాపు 18 శాతం వాటా ఉన్న ఇన్వెస్కో 2021 సెప్టెంబరులో సమావేశం కోరింది. సింగిల్ జడ్జి సమావేశాన్ని ఆపారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. వాటా సరిపోయిందా, విషయాలు రాశారా, సంతకాలున్నాయా, సరైన చోటికి పంపారా అన్నంత వరకే ‘చెల్లుబాటు’ అని తేల్చింది. తీర్మానం బాగోగులు తేల్చుకోవాల్సింది సభ్యులు, సమావేశంలో. బోర్డుకు చెప్పాల్సింది ఉంటే నోటీసుతో పాటే చెప్పుకోవచ్చు.

కారణాల సంగతి ఇంకా పాతది. ఎల్ఐసీ, ఎస్కార్ట్స్ కేసులో సుప్రీంకోర్టు 1985 డిసెంబరులోనే స్పష్టం చేసింది: సమావేశం కోరే వాటాదారు తన తీర్మానాలకు కారణాలు చెప్పాల్సిన పని లేదు. తర్వాత వచ్చిన నిబంధనలు కూడా, సభ్యులే పిలిచే సమావేశం నోటీసుకు వివరణ పత్రం జతచేయనక్కర్లేదని అంటున్నాయి. తొలగించాలనుకున్న డైరెక్టరుకు తన వాదన వినిపించే హక్కు మాత్రం ఉంటుంది. తొలగింపు తీర్మానానికి ప్రత్యేక నోటీసు కూడా విడిగా ఇవ్వాలి, అది మరిచిపోతే తీర్మానమే నిలవదు.

ఇక గడువులు. సక్రమమైన లేఖ అందిన 21 రోజుల్లో బోర్డు సమావేశం పిలిచే పని మొదలుపెట్టాలి. సమావేశం 45వ రోజు దాటకూడదు. ఈ రెండు అంకెలు గాలిలోంచి ఊడిపడలేదు. జూన్ 3న లేఖ అందితే 21వ రోజు జూన్ 24. ఆ రోజు పోస్టులో నోటీసు వేస్తే 48 గంటలకు, అంటే 26న, అందినట్టు లెక్క. అక్కడి నుంచి రెండు చివరలూ వదిలేసి పూర్తి 21 రోజులు లెక్కపెడితే జులై 17 వస్తుంది. సమావేశం జులై 18న, అంటే సరిగ్గా 45వ రోజు. అందుకే 21వ రోజు సాయంత్రం వరకు కాగితం కదలకపోతే, పోస్టు మీద ఆధారపడే బోర్డు గడువు జారిపోయినట్టే. కొందరు తెలివిగా 20వ రోజున నోటీసు ఇచ్చి సమావేశాన్ని అరవయ్యో రోజుకు పెడతారు. అది పిలిచినట్టు కాదు.

అప్పుడు కంపెనీ లా ట్రైబ్యునల్ మెట్లెక్కాలా? అక్కర్లేదు. కోరినవాళ్లే సమావేశం పిలుచుకుని జరుపుకోవచ్చు. అయితే దానికి మూడు నెలల గడువుంది, అది లేఖ అందిన రోజు నుంచి కాదు, లేఖ తేదీ నుంచి. మా లెక్కలో సెప్టెంబరు 1. 21వ రోజు నాటికి ఉన్న సభ్యుల చిరునామాలు, షేర్ల జాబితాను కంపెనీ ఇచ్చి తీరాలి. సమావేశం రిజిస్టర్డ్ ఆఫీసులో గానీ అదే ఊళ్లో గానీ, పనిరోజున జరగాలి. ఆఫీసు తాళం తీయరని ముందే తెలుసు కాబట్టి ద్వారకానగర్‌లో ఓ హాలు తీసుకున్నాం. ఎవరో విజయనగరంలో అద్దె తక్కువన్నారు, ఆ ఆదా సమావేశాన్నే ముంచేది.

హాలుకు, స్పీడు పోస్టుకు కలిపి 38,000 రూపాయలయింది. సహేతుకమైన ఈ ఖర్చును కంపెనీ తిరిగి ఇవ్వాలి. తర్వాత దాన్ని సమావేశం పిలవని డైరెక్టర్లకు రావలసిన ఫీజులో, జీతంలో కోసుకోవాలి. సందేశం రాసినాయన ఈ ఉపసెక్షన్ దాకా చదివినట్టు లేదు.

ఒక్క సంగతిలో మాత్రం ఉత్సాహం తగ్గించుకోవాలి. పదో వంతు వాటా సమావేశాన్ని తెస్తుందే గానీ గెలుపును తేదు. డైరెక్టరును తొలగించాలంటే పోలైన ఓట్లలో సగానికి పైగా పడాలి. అంతకన్నా ముందు కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, ఉండాలి. మా కంపెనీ సభ్యులు 64 మంది, కాబట్టి ఐదుగురు స్వయంగా రావాలి. సభ్యులు తమ బదులు ఓటేయడానికి పంపే ప్రాక్సీలు కోరానికి లెక్కకు రారు. మామూలు సమావేశానికి కోరం లేకపోతే వచ్చే వారానికి వాయిదా పడుతుంది. సభ్యులు పిలిచినదైతే అరగంటలో రద్దయిపోతుంది.

ఉదయం 11 గంటలకు సమావేశం. ఎదుటి పక్షం ఆ నిబంధన చదివే కావచ్చు, ఒక్కరూ రాలేదు. మావాళ్లలో ముగ్గురు ప్రాక్సీలు పంపి ఊరుకున్నారు. హాల్లో ఉన్నది నలుగురు. బయట కుండపోత వాన. 11.20కి పోర్టు రిటైర్డు ఉద్యోగి రెయిన్‌కోటు విప్పుకుంటూ లోపలికొచ్చి, హాజరు పుస్తకంలో ఐదో సంతకం పెట్టారు.