బిల్లు మూలన మూడు రూపాయల వడ్డీ

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా శాతం అనే మాట బ్యాంకు గుమ్మం దాటి బయటకు రాదు. బయట లెక్కంతా రూపాయల్లోనే. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12. రెండు రూపాయలంటే అవసరం కొద్దీ తీసుకుంటాం. మూడు రూపాయలంటే కూతురి పెళ్లి దగ్గర పడ్డవాడు కూడా కాస్త ఆలోచిస్తాడు. అదే మనిషి తన షాపులోనో ఫ్యాక్టరీలోనో నెలనెలా మూడు రూపాయల వడ్డీ కడుతూ, కడుతున్నట్టే గుర్తించడు. ఎందుకంటే బిల్లు మీద దాని పేరు వడ్డీ కాదు, డిస్కౌంట్.

బిల్లు కింద మూలన చిన్న అక్షరాల్లో ‘2/10, నెట్ 30’ అని ఉంటుంది. సొమ్ము 30 రోజుల్లో కట్టాలి, 10 రోజుల్లోపు కడితే నూటికి రెండు తగ్గిస్తాం అని దాని అర్థం. చాలామంది ఇక్కడే పెదవి విరుస్తారు. ‘రెండు శాతమేగా, నెల రోజులు డబ్బు చేతిలో ఉంటే చాలు’ అంటారు. కానీ చేతిలో ఉండేది నెల కాదు. పదో రోజు దాకా ఎలాగూ ఉచితమే. ఆ తర్వాత దొరికేది 20 రోజులు మాత్రమే. పదో రోజున 98 రూపాయలతో తీరిపోయే బాకీని ముప్పయ్యో రోజున 100 ఇచ్చి తీరుస్తున్నాం. అంటే 98 రూపాయలను 20 రోజులు వాడుకున్నందుకు రెండు రూపాయలు ఇస్తున్నాం. నెలకు లెక్క కడితే నూటికి మూడు రూపాయల ఆరు పైసలు. ఏడాదికి 37 శాతం పైమాటే. చక్రవడ్డీ వేస్తే 44 శాతం దాటుతుంది.

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ పాలిష్ పట్టే ఒక చిన్న యూనిట్‌ను ఊహించుకుందాం. రెజిన్, పాలిషింగ్ సామగ్రి బయటి రాష్ట్రం నుంచి తెప్పించుకుంది. సరుకు విలువ 4,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 72,000, మొత్తం బిల్లు 4,72,000. ఇక్కడ మొదట చూడాల్సింది రెండు శాతం దేని మీద అన్నది. ఎక్కువమంది సరఫరాదారులు జీఎస్టీ కలపకముందు ఉన్న విలువ మీదే డిస్కౌంట్ ఇస్తారు. అంటే తగ్గేది 8,000. కట్టాల్సింది మాత్రం జీఎస్టీతో సహా 4,64,000. అప్పుడు మూడు రూపాయల వడ్డీ కాస్తా రెండు రూపాయల అరవై పైసల దగ్గరకు దిగుతుంది. ఏడాదికి 31 శాతం. ఇప్పటికీ ఎక్కువే, కానీ ఈ తేడా తెలియకుండా పుస్తకంలోని 37ను నమ్ముకున్నవాడు అప్పు తెచ్చేచోట బోల్తా పడతాడు.

ఆ యూనిట్‌కు బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఉంది, వడ్డీ 12 శాతం అనుకుందాం. మన భాషలో రూపాయి వడ్డీ. పదో రోజున అందులోంచి 4,64,000 తీసి కడితే 20 రోజులకు అయ్యే వడ్డీ సుమారు 3,050. మిగిలిన డిస్కౌంట్ 8,000. ఒక్క బిల్లు మీద 4,950 లాభం. నెలకో బిల్లు చొప్పున ఏడాదికి దాదాపు 60,000. ఇందుకోసం అదనంగా ఒక్క పలక కూడా అమ్మనక్కర్లేదు.

‘సీసీ ఎప్పుడూ నిండే ఉంటుంది సార్’ అంటారు యజమానులు. నిజమే, అసలు చిక్కు అక్కడే. అప్పుడు బయట రెండు రూపాయలకు తెస్తే? రోజుల లెక్కన 20 రోజులకు 6,190 దాకా అవుతుంది, ఇంకా 1,800 మిగులుతుంది. అయితే చేబదులు ఇచ్చేవారిలో చాలామంది 20 రోజులకైనా నిండు నెల వడ్డీ పట్టుకుంటారు. అది 9,280. ఎనిమిది వేలు మిగుల్చుకోవడానికి తొమ్మిది వేలు పెట్టినట్టు. ఆ షరతు మీద తెచ్చేకన్నా డిస్కౌంట్ వదులుకోవడమే మేలు. వదులుకున్నాక మాత్రం ముప్పయ్యో రోజు దాకా ఆగాలి. రెండు శాతమూ పోగొట్టుకుని పదకొండో రోజున డబ్బు పంపేవారున్నారు. ఒక్కరోజు వాడకానికి ఎనిమిది వేలు!

గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో కూడా ఆర్డర్ పెట్టేటప్పుడే రాయించుకోవాలి. బిల్లు తేదీ నుంచి అయితే, లారీ దారిలో ఆరు రోజులు తిరిగితే చేతికి మిగిలేది నాలుగే రోజులు. డ్రమ్ములు దించి, రెజిన్ సరిగా పడుతోందో లేదో ఒక పలక మీద చూసేలోపే గడువు ముగుస్తుంది. సరుకు చేరిన తేదీ నుంచి లెక్కపెట్టమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మనవాళ్లు ధర దగ్గర గంటసేపు బేరమాడి, తేదీ దగ్గర మాట్లాడకుండా వచ్చేస్తారు.

‘ముప్పయ్యో రోజున ఎవరు కడుతున్నారు, మేం అరవైకి కడతాం, ఎవరూ అడగరు’ అనేవారూ ఉన్నారు. నిష్ఠూరంగా ఉన్నా అందులో లెక్క ఉంది. అరవయ్యో రోజున కడితే 20 కాదు, 50 రోజులు వాడుకున్నట్టు. జీఎస్టీ సంగతి పక్కన పెట్టి చూస్తే వడ్డీ రూపాయి ఇరవై రెండు పైసలకు పడిపోతుంది. కానీ సరుకు తయారుచేసి పంపింది సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో. 2023-24 నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు. గడువు దాటి, ఏడాది చివరికీ కట్టని ఆ బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వరు. పంపింది కేవలం ట్రేడర్ అయితే ఈ రక్షణ వర్తించదు, కాబట్టి బిల్లు ఎవరిదో చూసుకోవాలి.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు చూద్దాం. చీమకుర్తి యూనిట్ కొనడమే కాదు, పలకలు అమ్ముతుంది కూడా. పోటీలో ఉన్నవారు ఇస్తున్నారని తానూ ‘2/10, నెట్ 30’ రాసేస్తుంది. కొనేవాడు నిజంగా ముప్పయ్యో రోజున కట్టే మనిషైతే, బ్యాంకులో రూపాయికి దొరికే డబ్బును ఇతని దగ్గర మూడు రూపాయలకు తెచ్చుకుంటున్నట్టే. అలాంటివాడికి అర శాతం ఇస్తే చాలు. అదే డెబ్బయ్యో రోజుకు గానీ తీయని పార్టీ అయితే ఆ రెండు శాతం 60 రోజులను కొనిపెడుతుంది, వడ్డీ రూపాయి రెండు పైసలు. అక్కడ ఇవ్వడంలో అర్థముంది. అందరికీ ఒకే షరతు అచ్చువేయకుండా, ఎవరు సగటున ఎన్ని రోజులకు కట్టారో పాత లెడ్జరు తీసి చూడమని మా సలహా.

అదే లెడ్జరులో మరో విషయం కూడా కనిపిస్తుంది. ఇరవై అయిదో రోజున డబ్బు పంపి, దర్జాగా రెండు శాతం కోసుకునే పార్టీలు. ఫోన్ చేస్తే ‘చెక్కు పదో తారీఖే రాశాం’ అంటారు. ఇలాంటిది సర్దుబాటు కాదు, ఇవ్వని డిస్కౌంట్‌ను లాక్కోవడం. పెద్ద కస్టమర్ అని చిన్న యూనిట్లు నోరెత్తవు. చెక్కు మీది తేదీతో పని లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సొమ్ము జమైన తేదీయే లెక్క అని బిల్లు మీద ఒక వాక్యం అచ్చువేయాలి. తేదీ దాటితే కోసుకున్న మొత్తాన్ని పార్టీ ఖాతాలో బాకీగానే ఉంచి, తర్వాతి లోడు బయలుదేరేముందు అడగాలి. లారీ కాటా దాటకముందు అడిగిన ఎనిమిది వేలు వస్తాయి. దాటాక అడిగితే మాటలే వస్తాయి.