సవరణ: కొడాక్ లట్ ఎక్కడ పెట్టాలి

“మీరు రాసినట్టే ఫోన్ వీడియో మీద Rec709 Kodak 2383 D60 లట్ వేశాను. పాత ఫిల్మ్ వెచ్చదనం రాలేదు. నీడలు ముద్దయిపోయాయి, ముఖాలు నారింజ రంగుకి తిరిగాయి,” అని ఒక పాఠకుడు రాశారు.

గత టపాలో ఒక మెట్టు లేదు. లట్ అంటే రంగుల్ని మార్చే రెడీమేడ్ పట్టిక. డావిన్సీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆ లట్, సినియాన్ లాగ్ చిత్రం, అంటే కాంట్రాస్ట్ తక్కువగా బూడిదగా కనిపించే చిత్రం, వస్తుందనుకుని తయారైంది. ఫోన్ వీడియోలో కాంట్రాస్ట్ ముందే ఉంటుంది, దానిపై లట్ ఇంకోసారి పెంచుతుంది. అందుకే లట్‌కి ముందు నోడ్‌లో Color Space Transform పెట్టండి: ఇన్‌పుట్ Rec.709, Gamma 2.4, అవుట్‌పుట్ Rec.709, Cineon Film Log.

తేడా వెలుగు స్థాయిలు చూపే వేవ్‌ఫామ్ గ్రాఫ్‌లో తెలుస్తుంది. నీడలు చచ్చిపోతే గీత అడుగున బల్లపరుపుగా పరుచుకుంటుంది. లట్ తర్వాత నీడల వెలుగుని మార్చే లిఫ్ట్ పెంచితే ఆ బల్లపరుపు గీతే పైకి జరుగుతుంది, జుట్టులో పోగులు తిరిగి రావు. ఎక్స్‌పోజర్, టెంపరేచర్ రెండూ ట్రాన్స్‌ఫామ్‌కి ముందు నోడ్‌లోనే సరిచేయండి. వెలిసిన నలుపు కావాలంటే మాత్రం లట్ తర్వాత లిఫ్ట్ కొంచెం పెంచొచ్చు.

వెచ్చదనానికి రంగుల దిశని, గాఢతని చూపే వెక్టర్‌స్కోప్ చూడండి. ముఖాన్ని మాత్రమే విండోతో వేరు చేస్తే అందులో కనిపించే దాని రంగు మచ్చ ఎరుపు, పసుపుల మధ్య ఉండే స్కిన్‌టోన్ గీతకి దగ్గరగా పడాలి. గీత మీదే ఉండి కేంద్రానికి మరీ దూరంగా సాగితే రంగు తప్పు కాదు, శాచురేషన్ ఎక్కువ. ఎరుపు వైపు ఒరిగితే టింట్ చూసుకోండి. తెల్ల చొక్కా మచ్చ కేంద్రం నుంచి కాస్త నారింజ వైపు జరగడం మనకి కావలసిందే.

లట్ ఘాటు తగ్గించడానికి ఆ ఒక్క నోడ్ కీ అవుట్‌పుట్ తగ్గించకండి, లాగ్ బూడిదరంగు కలుస్తుంది. ట్రాన్స్‌ఫామ్, లట్ రెండింటినీ కాంపౌండ్ నోడ్ చేసి దాని కీ అవుట్‌పుట్ తగ్గించండి.