మొదటి 800 రూపాయల పెంపు

మా మేనల్లుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. కూకట్‌పల్లిలో హాస్టల్. చేతికొచ్చే జీతం 50 వేలు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలోనే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 10 వేల సిప్ మొదలుపెట్టాడు. జీతంలో ఐదో వంతు పక్కకు తీయడం ఆ వయసులో తేలికేం కాదు. మొన్న జూలైలో హైక్ లెటర్ వచ్చాక ఇంటికొచ్చి, "ఇరవై ఏళ్లు ఇలాగే కడితే కోటి అవుతుందని లెక్క చూపిస్తోంది మావయ్యా. ఇంక పెంచడం దేనికి?" అన్నాడు.

లెక్క తప్పు కాదు. నెలకు 1 శాతం రాబడి అనుకుంటే 240 నెలల్లో కట్టేది 24 లక్షలు, చేతికొచ్చేది దాదాపు కోటి. మార్కెట్ అంత సాఫీగా ఏటా ఇవ్వదు. రెండు దారులను పోల్చడానికి ఒకే కొలబద్ద కావాలి కాబట్టి ఈ వ్యాసమంతా అదే రేటు వాడుతున్నాను. ఇబ్బంది ఆ కోటితోనే ఉంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతూ పోతే ఇరవై ఏళ్ల తర్వాతి కోటితో కొనగలిగేది ఇవాళ 31 లక్షలతో కొనగలిగినంతే.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. జీతం ఏటా 8 శాతం పెరిగితే ఇరవయ్యో ఏట వాడికి నెలకు 2 లక్షల 15 వేలు చేతికొస్తాయి. అప్పుడు కూడా సిప్ 10 వేలే అయితే అది జీతంలో 5 శాతం కూడా ఉండదు. ఐదో వంతు దాచే మనిషి తనకు తెలియకుండానే ఇరవయ్యో వంతు దాచే మనిషిగా మారిపోతాడు. సిప్‌ను కదపకుండా ఉంచడమంటే పొదుపును ఏటా కొంచెం తగ్గించుకోవడమే. పీఎఫ్‌లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. అసలు బేసిక్ మీద 12 శాతం కోసే కంపెనీలో హైక్‌తో పాటు కోత కూడా పెరుగుతుంది. 15 వేల పరిమితి మీద నెలకు 1,800 మాత్రమే కోసే కంపెనీలో జీతం ఎంత పెరిగినా ఆ 1,800 అలాగే ఉంటుంది. మీ పే స్లిప్‌లో ఏది ఉందో ఒకసారి చూసుకోండి.

సిప్‌ను కూడా ఏటా 8 శాతం పెంచితే ఏమవుతుంది? మొత్తం కోటీ 70 లక్షలవుతుంది. ఈ 70 లక్షల తేడాను పెంపు చేసిన మాయలా చూపించే ప్రకటనలు చాలా ఉన్నాయి. వాటిలో చెప్పని సగం ఏమిటంటే, అప్పటికి మనం కట్టింది కూడా 24 లక్షల నుంచి 55 లక్షలకు చేరుతుంది. అంటే అదనంగా వేసిన 31 లక్షలు 70 లక్షలయ్యాయి. మంచిదే, కానీ మొదటి 24 లక్షలు నాలుగింతలైతే ఇవి రెండింతలకు కాస్త పైన ఆగాయి. వీటిలో చాలా భాగం ఆలస్యంగా చేరింది, పెరగడానికి వాటికి ఏళ్లు చాలలేదు.

అందుకే ఏటా పెంచాలా వద్దా అన్నదానికంటే ఏ ఏడాది పెంపు ఎంత పని చేస్తుందన్నది నాకు పెద్ద ప్రశ్న. రెండో ఏడాది మొదట్లో వాడు పెంచేది నెలకు 800 రూపాయలు. ఆ 800 మిగిలిన 19 ఏళ్లూ ప్రతి నెలా వెళ్తుంది. చివరికి ఆ ఒక్క పెంపు తెచ్చేది 7 లక్షలు. పదహారో ఏడాది మొదట్లో అదే 8 శాతం పెంపు నెలకు 2,350 రూపాయలవుతుంది, జేబుకు దాదాపు మూడింతల బరువు. అది చివరికి తెచ్చేది 2 లక్షల లోపే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా వాడు కాసేపు మాట్లాడలేదు.

ఇంకాస్త ముందుకెళ్దాం. మొదటి పదేళ్లు ఏటా పెంచి, ఆ తర్వాత పెంచడం ఆపేసి, అప్పటికి చేరిన 20 వేలనే చివరిదాకా కట్టినా కోటిన్నర వస్తుంది. తిప్పి చేస్తే? "ఇప్పుడు ఖర్చులు ఎక్కువ, సెటిలయ్యాక పెంచుతా" అనుకుని పదేళ్లు 10 వేలే కట్టి, పదకొండో ఏట నుంచి ఏటా 8 శాతం పెంచితే వచ్చేది కోటీ 10 లక్షలు. అసలేమీ పెంచని వాడి కంటే 10 లక్షలే ఎక్కువ. హైదరాబాద్‌లో ఆ "సెటిలయ్యే" పదో ఏటికి ఫ్లాట్ ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు రెండూ వచ్చి కూర్చుంటాయి. పెంచడం తేలికగా ఉండేదీ, పెంపు బాగా పండేదీ ఆ మొదటి ఏళ్లలోనే.

ఇదే తర్కం ఇంకోవైపు కూడా పనిచేస్తుంది. మొదటి నెల నుంచే 17 వేలు కట్టగలిగితే, ఎప్పుడూ పెంచకుండానే అదే కోటీ 70 లక్షలు వస్తాయి, అదీ 55 లక్షలకు బదులు 41 లక్షలు కట్టి. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ అద్దె లేకుండా ఉద్యోగం చేసేవాళ్లకు నా సలహా ఇదే: ముందు ఎక్కువతో మొదలుపెట్టండి, పెంపు సంగతి తర్వాత. అంత కట్టే వీలు లేనివాళ్ల దారి స్టెప్-అప్, అంటే సిప్‌ను ఏటా కొంత శాతం పెంచుకుంటూ పోవడం.

ఎంత శాతం పెట్టాలి? ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే 10 శాతాన్ని గుడ్డిగా పెట్టకూడదు. జీతం 7 శాతమే పెరుగుతూ సిప్ 10 శాతం పెరిగితే, ఐదో వంతుతో మొదలైనది ఇరవయ్యో ఏటికి జీతంలో మూడో వంతు అవుతుంది. అలాంటి సిప్ అంతదాకా సాగదు, మధ్యలో ఎక్కడో ఆపేస్తారు. హైక్ లెటర్‌లోని శాతాన్ని కూడా నేరుగా వాడకూడదు. అందులో వేరియబుల్ పే ఉంటుంది, పన్ను పెరుగుతుంది, కొన్ని కంపెనీల్లో పీఎఫ్ కోత కూడా పెరుగుతుంది. హైక్‌కు ముందు నెల, హైక్ తర్వాత బకాయిలు కలవని నెల, ఈ రెండు నెలల్లో బ్యాంకులో పడ్డ జీతాన్ని పోల్చండి. ఆ తేడా శాతమే మీ పెంపు శాతం. మా వాడి లెటర్‌లో 11 ఉంది, ఖాతాలో 8 తేలింది.

సిప్ పెంపు ఫారం నింపేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, టాప్-అప్‌ను, అంటే ఈ ఏటా పెంపునే, శాతంగా కాక రూపాయల్లో పెట్టడం. ఏటా 800 రూపాయలని పెడితే మొదటి ఏడాది అది 8 శాతమే, కానీ సిప్ పెరిగేకొద్దీ ఆ 800 శాతంలో తగ్గుతూ వస్తుంది. ఇరవయ్యో ఏట సిప్ 43 వేలకు బదులు 25 వేల దగ్గర ఉంటుంది. రెండోది, బ్యాంకు మాండేట్. డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చే ఆ అనుమతిలో గరిష్ఠ మొత్తం రాస్తాం. చాలామంది అక్కడ ఇప్పటి సిప్ మొత్తాన్నే రాసేస్తారు. పెరిగిన మొత్తం ఆ గీత దాటితే అది కట్ కాదు.

మా వాడి మాండేట్ సరిగ్గా 10 వేలకే ఉంది. మొదటి 800 దగ్గరే ఆగిపోయేది. ఆ రాత్రి కూర్చుని 50 వేల పరిమితితో కొత్త మాండేట్ పెట్టాడు, ఇరవయ్యో ఏటి 43 వేలు కూడా అందులో ఇమిడిపోతాయి. ఆగస్టు 5న ఖాతాలోంచి 10,800 వెళ్లినట్టు మెసేజ్ వచ్చింది, నాకు ఫార్వర్డ్ చేశాడు.