హాయ్ అనేసి వెళ్లిపోయేవారు

ఆఫీసు చాట్‌లో ‘హాయ్’ అని ఒక్క మాట పంపి, ఆ తర్వాత సంగతేమిటో చెప్పకుండా కూర్చునే మహానుభావుల సేవలను ఈ దేశం ఇప్పటిదాకా గుర్తించకపోవడం విచారకరం. పదిగంటల పన్నెండు నిమిషాలకు హాయ్ వస్తుంది. మనమూ మర్యాదస్తులమే కాబట్టి ‘హాయ్, చెప్పండి’ అంటాం. అవతల మూడు చుక్కలు ఎగురుతాయి. ఆగుతాయి. మళ్లీ ఎగురుతాయి. చేతిలో పని వదిలేసి ఆ చుక్కలకేసి చూస్తూ ఉంటాం. పదకొండింటికి ‘హౌ ఆర్ యూ’ అని వస్తుంది. పది పన్నెండు వరకూ బాగానే ఉన్నాం సార్. చివరికి మనం భోజనానికి లేచి లిఫ్టులో ఉండగా అసలు విషయం దిగుతుంది: ‘నిన్నటి రిపోర్ట్ లింకు ఉందా?’

ఇదంతా వారు మర్యాద కొద్దీ చేస్తున్నారని మనవి. ఎకాఎకిన పనిలోకి దిగితే ఎదుటివారు ఏమనుకుంటారోనని మొహమాటం. ఫోన్లో ఆ మొహమాటం చెల్లుతుంది, ఎందుకంటే మన హలోకి మరుక్షణమే హలో వస్తుంది. చాట్‌లో అవతలి మనిషి మీటింగులో ఉంటాడు, బయటికొచ్చి బదులిచ్చేసరికి ఇవతలి మనిషి మీటింగులోకి వెళ్తాడు. హాయ్‌కి ఒక గంట, హౌ ఆర్ యూకి ఒక గంట కట్టాలి. ఈ బాధ ఎంత విశ్వవ్యాప్తమంటే nohello.net అని దీనికోసమే ఒక సైటు పెట్టారు. కొందరు దాన్ని తమ స్టేటస్‌లో తగిలించుకుంటారు. దాని కిందే వారికి హాయ్ వస్తుంది.

ఇదే వ్యవహారం చాట్‌లో కాకుండా ఆఫీసు హాల్లో జరిగితే ఎలా ఉండేదో ఒకసారి ఊహించండి. టీమ్ లీడ్ గారు మీ కుర్చీ దగ్గరికి వచ్చి ‘హాయ్’ అంటారు. అనేసి స్తంభం చాటుకు వెళ్లి నిలబడతారు. మీరు ‘చెప్పండి సార్’ అంటే పెదవులు కదిపినట్టే కదిపి ఊరుకుంటారు. అరగంటకు మళ్లీ వచ్చి, నోరు తెరవకుండా కనుబొమ్మలు మాత్రం పైకెత్తి వెళ్తారు. చాట్‌లో దీన్నే ‘?’ అంటారు. మీరు కీబోర్డు మీద ఉన్నారని గమనించి, ఈసారి మీ మేనేజరును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మీ వెనక నిలబెడతారు. ఇద్దరూ ఏమీ మాట్లాడరు. అప్పటికీ మీరు తిరగకపోతే బ్రహ్మాస్త్రం ఉండనే ఉంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్‌లో మెసేజ్‌కి ‘అర్జెంట్’ అని ముద్ర వేస్తే, చదివేదాకా రెండు నిమిషాలకోసారి చొప్పున ఇరవై నిమిషాలపాటు గంట మోగుతుంది. అంటే టీమ్ లీడ్ గారు రెండు నిమిషాలకోసారి మీ భుజం తడుతూ నిలబడ్డారన్నమాట. విషయం ఇంకా చెప్పలేదు. చెప్పరు కూడా. మీరు ‘ఆఁ’ అంటేనే చెప్తారు. హాల్లో అలా చేస్తే సెక్యూరిటీని పిలుస్తారు. చాట్‌లో చేస్తే ‘ఫాలో అప్ బాగుంది’ అని అప్రైజల్‌లో రాస్తారు.

ఈ మొహమాటానికి కొందరు విరుగుడు కనిపెట్టారు. మర్యాదను సాంతం తీసేయడమే ఆ విరుగుడు. ‘సెండ్ ఫైల్.’ ‘స్టేటస్?’ ‘ఈఓడీ.’ మాటకింత అని డబ్బు కట్టే టెలిగ్రాం 2013 జులైలోనే మన దేశంలో ఆగిపోయిందని వీరికి ఎవరైనా తెలియజేయాలి. పైగా ఈఓడీ అంటే రోజు ముగిసేలోగా అని, ఆ రోజు ఎవరిదో మాత్రం చెప్పరు. న్యూయార్క్ బాసుకు వేసవిలో సాయంత్రం ఐదైతే మాదాపూర్‌లో తెల్లవారుజామున రెండున్నర. ‘గురువారం ఇండియా టైం ప్రకారం సాయంత్రం ఆరింటికి’ అని రాస్తే వేళ్లు అరుగుతాయి కాబోలు.

అడిగితే, ‘నేను మామూలుగానే అన్నాను, నువ్వే అలా తీసుకున్నావు’ అంటారు. అబద్ధం కాదు, వారికి నిజంగానే అలా వినిపిస్తుంది. టైపు చేస్తున్నప్పుడు తలలో తన గొంతే, తన చిరునవ్వుతో సహా, మోగుతుంటుంది. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. వ్యంగ్యంగా కొన్ని, సీరియస్‌గా కొన్ని వాక్యాలు ఈమెయిల్‌లో పంపించి, ఏది ఏదో చదివేవారు పట్టుకోగలరా అని చూశారు. నూటికి 78 సార్లు పట్టేస్తారని పంపినవారి ధీమా. పట్టుకున్నది 56. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది. కాబట్టి ఆర్యా, మీ చిరునవ్వు మీ సిస్టం దగ్గరే ఉండిపోయింది. నాకు చేరింది ‘సెండ్ ఫైల్’ ఒక్కటే.

కురచగా రాయడం తప్పని అనడం లేదు. పక్క కుర్చీ స్నేహితుడు ‘రిపోర్ట్?’ అంటే చాలు, ఆ రిపోర్ట్ ఏదో, ఎందుకో ఇద్దరికీ తెలుసు. తెలియని చోట అక్షరాలు మిగుల్చుకుంటేనే పేచీ. ఈ మెసేజ్ చూడండి: ‘సుధ గారూ, నిన్నటి సేల్స్ రిపోర్ట్‌లో వరంగల్ లెక్క రెండుసార్లు పడినట్టుంది. క్లయింట్ కాల్ నాలుగింటికి. మూడున్నరలోగా ఒకసారి చూడగలరా? కుదరకపోతే చెప్పండి, ఆ స్లైడ్ తీసేస్తాను.’ రెండు డజన్ల మాటలు కూడా లేవు. సుధ గారు మీటింగ్ మధ్యలో ఒక్కసారి చూస్తే చాలు, ఏం చెయ్యాలో, ఎంత తొందరో తెలిసిపోతుంది. అందులో ప్లీజ్ లేదు, కైండ్లీ లేదు, దండం పెట్టే బొమ్మ లేదు. అయినా అధికారం చేసినట్టు ఉండదు. కారణం ఆ చివరి వాక్యం. కాదనడానికి తలుపు తెరిచి పెట్టి అడిగితే అది కోరిక. ఆ తలుపు మూసేసి ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ ఏఎస్ఏపీ’ అంటే, కైండ్లీ ఎన్నిసార్లు ఉన్నా అది తాఖీదే.

ఇంతవరకూ నవ్వుకుందాం. శుక్రవారం రాత్రి తొమ్మిదీ నలభైకి ఒక మేనేజరు తన కింద చేరి ఏడాదైనా కాని అమ్మాయికి ‘సోమవారం మాట్లాడాలి’ అని పంపి ఫోను పక్కన పడేస్తాడే, అక్కడ నాకు నవ్వు రాదు. పక్క టీంలో పోయిన నెలే నలుగురిని పంపించేశారు. నాన్న అప్పు ఈఎంఐ ఆ పిల్ల జీతంలోంచే కడుతోంది. మూడు రాత్రులు నిద్ర ఉండదు, రెజ్యూమె దులుపుతుంది, ఇంట్లో చెప్పలేదు, అడగడానికి ధైర్యం చాలదు. ‘కంగారేం లేదు, టీమ్ లంచ్ గురించి’ అని ఇంకో నాలుగు మాటలు వేస్తే మీ సొమ్మేం పోయింది? తీసేసే అధికారం చేతిలో ఉన్నవాడికి పొడి మాటలు రాసే హక్కు లేదు. బిజీ అంటారు. మీ పైవాడికి పంపేటప్పుడు ‘సర్, వెన్ ఫ్రీ, నో రష్, స్మాల్ డౌట్’ అని వినయం ఒలకబోయడానికి టైం ఎక్కడిది మరి? రాయడం రాక కాదు. కిందివాళ్లకు రాయాల్సిన అవసరం లేదని లెక్క. సిగ్గుండాలి.

సోమవారం తేలిందేమిటంటే, బిర్యానీ ఎక్కడ ఆర్డర్ చేస్తే బాగుంటుందో ఆమెకు తెలుస్తుందని ఎవరో అన్నారట.

ఆ మేనేజరు గారే నెలకోసారి కొత్తగా చేరినవారికి కమ్యూనికేషన్ స్కిల్స్ మీద క్లాసు తీసుకుంటారు. హాజరు తప్పనిసరి. క్లాసు మొదలైన ఐదు నిమిషాలకు గ్రూపులో వారి పిలుపు వస్తుంది: ‘జాయిన్.’