ఎమోజీలు చూసి దొంగ మెసేజ్‌ని పట్టలేం

“గవర్నమెంటు మెసేజ్‌లో ఎమోజీలు ఉండవు. ఎమోజీ ఉంటే ఫేక్, లేకుంటే ఒరిజినల్. ✅ ఉంటే మాత్రం వాట్సాప్ వాళ్లే వెరిఫై చేసినట్టు. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వస్తే భయం లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పనంతవరకు డబ్బు పోదు. అందరికీ పంపండి.”

మా ఉరవకొండ వైపు రైతుల గ్రూపులో దీన్ని పెట్టినాయన మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. కానీ మా చిన్నాన్న మోసపోయింది సరిగ్గా ఇలాంటి నమ్మకాలతోనే.

చెనిక్కాయ విత్తే రోజులు. అందరూ పీఎం కిసాన్ రెండు వేల కోసం ఎదురుచూస్తున్నారు. చిన్నాన్న ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఇది: “🙏 రైతు సోదరులకు నమస్కారం 🌾 మీ ₹2000 ఆగిపోయింది ⚠️ ఈ రోజు సాయంత్రం 6 లోపు ఈకేవైసీ పూర్తి చేయండి ✅👇”. దాని కింద PM KISAN.apk అనే ఫైలు.

ఎమోజీల సంగతి మొదట చూద్దాం. 🙏 మన మనిషే అనిపించడానికి, ⚠️ ఆలోచించే టైం ఇవ్వకుండా తొందర పెట్టడానికి. అంతవరకు నిజమే. అయితే ఇదే మెసేజ్‌ని ఒక్క ఎమోజీ కూడా లేకుండా పొడిగా రాసి పంపడానికి మోసగాడికి అర నిమిషం చాలు. అప్పుడు ఈ ఫార్వర్డ్ చదివినవాళ్లు దాన్ని ఒరిజినల్ అనుకుంటారు. పట్టించేది ఆ కింద ఉన్న .apk. ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించే ఫైలు అది. పీఎం కిసాన్ యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లో ఉంటుంది, ఈకేవైసీ pmkisan.gov.in లోనే చేసుకోవచ్చు. ఫైలు బదులు లింక్ వస్తే, మొదటి ఒంటి గీత (/) ముందు ఏముందో చూడండి. అక్కడ ముందున్న చుక్కతో సహా .gov.in తో ముగియాలి. pmkisan.gov.in.ekyc-help.example లాంటి దానిలో gov.in మధ్యలో ఉంది, కాబట్టి అది వేరేవాళ్ల సైటు.

టిక్ విషయానికి వస్తే, మెసేజ్ లోపల కనిపించే ✅ కీబోర్డులో ఉండే బొమ్మ, నేనూ పెట్టగలను. వాట్సాప్ ఇచ్చే గుర్తు పైన పేరు పక్కనే ఉంటుంది, ఇప్పుడు అది నీలం రంగులో వస్తోంది. కొందరు ప్రొఫైల్ ఫొటోలోనే టిక్ గీయించుకుంటారు. ఫొటోని పెద్దది చేస్తే టిక్ కూడా దాంతోపాటు పెద్దదైతే, అది ఫొటోలో భాగమే.

తెలిసిన నంబర్ అంటారా, చిన్నాన్నకి అది పంపింది ఎదురింటాయన నంబరే. పాపం, ఆయన ఫోన్‌లోకి అదే ఫైలు ముందురోజు ఎక్కింది. ఆయనకి తెలియకుండానే వాట్సాప్ నుంచి అందరికీ వెళ్లిపోయింది.

ఇక ఓటీపీ. ఆ ఫార్వర్డ్‌లో అన్నిటికంటే ప్రమాదమైన మాట ఇదే. చిన్నాన్న ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు, ఓటీపీ ఎవరికీ చెప్పలేదని. నిజమే, చెప్పలేదు. ఫైలు నొక్కగానే, బయటి యాప్‌లు ఎక్కించడానికి ఒప్పుకుంటారా అని ఫోన్ అడిగింది. ఒప్పుకున్నాడు. తర్వాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడిగింది. అదీ ఇచ్చాడు. అచ్చం పీఎం కిసాన్ పేజీలాంటిది తెరుచుకుని, వెరిఫికేషన్‌కి ఒక రూపాయి కట్టమని డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు రాయించుకుంది. ఆ తర్వాత బ్యాంకు పంపిన ఓటీపీని చిన్నాన్న కంటే ముందు యాప్ చదివి వాళ్లకి పంపేసింది. రెండు దఫాలుగా 18,400 రూపాయలు పోయాయి. ఈకేవైసీకి కార్డు నంబరుతో పనేమిటని ఆగి ఉంటే అక్కడే బయటపడేవాడు. ఎస్ఎంఎస్ అనుమతి అడిగినప్పుడు ఆగి ఉంటే ఇంకా ముందే.

నాకు ఫోన్ చేసింది మరుసటి రోజు పొద్దున. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపించాను. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాం. డబ్బు ఇంకా వాళ్ల ఖాతాలో ఉంటేనే ఆపగలరు, చేతులు మారిపోతే కష్టం. అందుకే రాత్రే చేసి ఉండాల్సింది. తర్వాత యాప్ తీసేద్దామంటే స్క్రీన్ మీద దాని గుర్తే లేదు! సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో దొరికింది. అయినా నమ్మకం కుదరక ఫొటోలు దాచుకుని ఫోన్‌ని రీసెట్ చేశాం. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలన్నీ తీసేశాం.

రెండు రోజుల తర్వాత రైతు సేవా కేంద్రానికి వెళ్లి అడిగాం. చిన్నాన్న ఈకేవైసీ ఎప్పుడో అయిపోయిందట.