ట్రైలర్‌లో భార్యను భయపెట్టకండి

తిరుపతిలో నాకు బాగా తెలిసిన ఒక జంట, కొత్తగా పెళ్ళయినవారి కోసం డబ్బు వ్యవహారాల మీద పాడ్‌కాస్ట్ మొదలుపెడుతోంది. దాని ట్రైలర్‌కు రాసుకున్న స్క్రిప్టును పోయిన ఆదివారం నాకు చదివి వినిపించారు. ‘మీ కలలకు రెక్కలు తొడగండి’ అని మొదలై, ‘ఆర్థిక స్వేచ్ఛ వైపు మాతో కలిసి నడవండి’ అని ముగిసిన ఆ రెండున్నర నిమిషాల్లో రూపాయి ఊసే లేదు. ఆ మాటలు బీరువాల దుకాణానికైనా, బీఎడ్ కళాశాలకైనా ప్రకటనగా సరిపోతాయని మొహమాటం లేకుండా చెప్పాను. నొచ్చుకున్నారు. అయినా కాఫీ ఇచ్చారు.

మొదటి పదిహేను సెకన్లలో వినేవాడు తన ఫోను తీసి ఏదో ఒకటి సరిచూసుకోవాలనిపించే విషయం పెట్టమన్నాను. అలాంటిది వాళ్ళ మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది: పీఎఫ్ నామినీ. ఉద్యోగుల భవిష్య నిధి పథకం, 1952లోని 61వ పేరా ప్రకారం, సభ్యుడికి పెళ్ళయితే కొత్తగా నామినేషన్ ఇవ్వాలి. పెళ్ళికి ముందు ఇచ్చినది చెల్లనట్టే లెక్క. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్ళకు చేరి, ఫారంలో అమ్మ పేరు రాసి, ఇరవై ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేసుకున్న కుర్రవాడికి ఆ ఫారం సంగతి గుర్తుండదు. గుర్తు చేసేవారూ ఉండరు.

బుధవారానికి రెండో ప్రతి వచ్చింది. ఈసారి వాళ్ళు మరో చివరికి పోయారు. ‘మీకు రేపు ఏమైనా జరిగితే మీ భార్యకు పైసా కూడా రాదు!’ అని భయపెట్టే సంగీతంతో మొదలుపెట్టారు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే, ఎందుకంటే ఆ మాట తప్పు. చెల్లే నామినేషన్ లేనప్పుడు ఆ డబ్బు కుటుంబ సభ్యులకు సమాన వాటాలుగా వెళ్ళాలని అదే పథకం చెబుతోంది. మన కుర్రవాడి ఖాతాలో మూడు లక్షలు ఉన్నాయనీ, పిల్లలు లేరనీ, తండ్రి ముందే పోయారనీ, తల్లి అతని సంపాదన మీదే బతుకుతోందనీ అనుకుందాం. అప్పుడు భార్యకు లక్షన్నర, తల్లికి లక్షన్నర వస్తాయి. అసలు చిక్కు డబ్బు దక్కకపోవడం కాదు, ఎవరెవరు కుటుంబమో కాగితాలతో రుజువు చేసుకోవలసి రావడం. దుఃఖంలో ఉన్న అత్తాకోడళ్ళు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఇద్దరికీ పడకపోతే, ఆ తిరుగుడు ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేం.

పైగా ఈ భయం అత్తాకోడళ్ళ మధ్య లేని తగవు పెడుతుంది. కొత్త నామినేషన్‌లో భార్యతో పాటు, తన మీద ఆధారపడిన తల్లి పేరు కూడా పెట్టి, ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు. ఆ దారి ఉన్నప్పుడు ట్రైలర్‌లో అమ్మను దోషిగా నిలబెట్టడం ఎందుకు?

పోర్టల్‌లో ఎక్కడ నొక్కాలి, నామినీ ఫోటో, ఆధార్ ఎలా ఇవ్వాలి అన్నవన్నీ ఎపిసోడ్‌కు వదిలేయమన్నాను. చెవితో విని ఎవరూ మెనూలు గుర్తుపెట్టుకోరు. అయితే వివరాలన్నీ నింపి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయకుండా వదిలేస్తే నామినేషన్ పూర్తి కాదన్న సంగతి మాత్రం ఎపిసోడ్‌లో రెండుసార్లు చెప్పమన్నాను, చాలామంది ఆగిపోయేది అక్కడే కనుక. ‘3,12,460’ లాంటి అంకెలను ‘మూడు లక్షల పైచిలుకు’ అని మార్పించాను. అప్‌లోడ్ చేసేటప్పుడు ఎపిసోడ్ రకం దగ్గర `trailer` అని ఎంచుకోకపోతే, ఇది మామూలు ఎపిసోడ్‌లా వరుసలో కలిసిపోతుందని కూడా చెప్పాను.

చివరికి నిలిచిన ప్రతి గడియారం పెట్టి చదివితే డెబ్బై సెకన్లు వచ్చింది. వంటింట్లో కుక్కర్ కూత వినిపిస్తుండగా మొదలవుతుంది. పుస్తక భాష వద్దని, ఇంట్లో మాట్లాడుకునే తీరునే ఉంచాము.

‘ఏమండీ, మీ పీఎఫ్‌లో ఎవరి పేరుండాది?’

‘మా అమ్మ పేరే. ఉద్యోగంలో చేరినప్పుడు రాసిందే కదా.’

‘అది పెళ్ళికి ముందు రాసింది కదండీ. ఇప్పుడు చెల్లదంట.’

‘ఎవరు చెప్పినారు?’

అక్కడ రెండు సెకన్లు కుక్కర్ శబ్దం తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత నా మిత్రుడి గొంతు, సంగీతం లేకుండా: ‘శుక్రవారం రాత్రి తొమ్మిదికి మొదటి ఎపిసోడ్. ఇద్దరూ కలిసి వినండి, ఆధార్‌కు కలిపిన ఫోను దగ్గర పెట్టుకోండి.’