అక్క ముందు వేసిన స్టూలు

ఈ ఏడాది మన తెలుగు సంఘం ఉగాది సంబరాలకు వచ్చినవాళ్లకు ఆ నిమిషం గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలనకు పెద్దలను వేదిక మీదికి పిలిచినప్పుడు, ఇండియా నుంచి వచ్చిన మా అక్కనూ పిలిచారు. మన సంఘం సెమ్మె నిలువెత్తుది. అక్క చెయ్యి చాపింది, పై వత్తి అందలేదు. యాంకరు మైకులో "అమ్మగారికి స్టూలు వేయండయ్యా, పొట్టి అయినా గట్టివారు" అన్నారు. హాలంతా నవ్వింది. ఎవరో నిజంగానే ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశారు. అక్క చెప్పులు విడిచి స్టూలెక్కి, దీపం వెలిగించి, దండం పెట్టి దిగింది.

కారులో నేను ఊరుకోలేకపోయాను. "పోనీ తమ్మీ, లేని ఎత్తు యాడికెళ్లి తెస్తం?" అంది. ఆ తర్వాత ఇక్కడున్న రెండు నెలల్లో సంఘం కార్యక్రమానికి మళ్లీ రాలేదు.

అదే సాయంత్రం, పులిహోర వడ్డిస్తుండగా, డిసెంబరులో ఊళ్లకు వెళ్లినప్పుడు చేసే సేవా కార్యక్రమం గురించి ప్రకటించారు. ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు "ఎత్తు పెరగడానికి" ప్రోటీన్ పౌడర్ డబ్బాలు పంచుతారట. నా పక్కన కూర్చున్న మిత్రుడిని అడిగితే, "ఎత్తు అంటే జీన్స్ కదండీ, అయినా మన వంతు మనం చేద్దాం" అన్నాడు. ఆయన మంచి మనిషి, చందా కూడా బాగానే ఇచ్చాడు. కానీ స్టూలు కన్నా ఆ డబ్బాలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

మా అక్క ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. నాది ఐదడుగుల ఎనిమిది. ఒకే అమ్మా నాన్నల పిల్లలం. మగవాడికీ ఆడమనిషికీ మధ్య మామూలుగా ఉండే ఐదంగుళాలు తీసేసినా, ఇంకా ఆరంగుళాల తేడా మిగులుతుంది. ఆ ఆరూ ఆకలి ఖాతాలోకే రాయను. తోబుట్టువుల మధ్య వంశపారంపర్యంగానూ తేడా వస్తుంది. కానీ అక్క ఎలా పెరిగిందో, నేనెలా పెరిగానో అమ్మ చెప్పగా విన్నవాడిని. ఆ తేడా అంతా జీన్స్ అంటే ఒప్పుకోలేను.

అక్క 1970లో పాలమూరు జిల్లాలో పుట్టింది. అమ్మ నిండు నెలల దాకా నాట్లకు, కలుపుకు వెళ్లింది. బిడ్డ లావైతే కాన్పు కష్టమవుతుందని నానమ్మ ఆమెకు చివరి మూడు నెలలూ అన్నం తగ్గించి పెట్టింది. అది ప్రేమతోనే. కాన్పులో పోయిన వాళ్లను ఆమె కళ్లారా చూసింది మరి. మూడు నెలలకే అమ్మ మళ్లీ కూలికి పోయింది. పగలంతా అక్క నానమ్మ దగ్గరే. పెట్టింది జొన్న అంబలి, పలచటి మజ్జిగ, ఎప్పుడైనా పప్పుకట్టు. ఏడాది బిడ్డ కడుపులో ఒక్కసారికి చిన్న గిన్నెడే పడుతుంది. ఆ గిన్నెలో ముప్పావు వంతు నీళ్లే. బిడ్డ ఏడుపు మానేది, కడుపు నిండిందనుకునేవారు. వానాకాలంలో విరేచనాలు పట్టుకుంటే ఉన్న అంబలి కూడా ఆపి, పత్యం పెట్టేవారు. ఆ ఏడాది నాలుగైదు సార్లు పట్టుకున్నాయని అమ్మ చెబుతుంది.

నేను పుట్టింది పదకొండేళ్ల తర్వాత. అప్పటికి నాన్నకు ఉద్యోగం వచ్చింది, ఇంట్లో పాడి గేదె ఉంది, అమ్మ కూలి మానేసింది. ఆరో నెల అన్నప్రాశన నుంచి నాకు ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు పెట్టారు. అక్కే నాకు తినిపించేది. పదకొండేళ్ల పిల్ల, నన్ను చంకనేసుకుని, గుడ్డులో తెల్లసొన చిన్న ముక్కలు చేసి పెట్టేదట.

శిశువు పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి ఏడాదిలోనే 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో ఏడాది మరో 12. ఆ తర్వాత ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లే. పొడుగాటి ఎముకల చివర మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది, పెరుగుదల అంతా అక్కడే. శరీరానికి తగినంత తిండి, ముఖ్యంగా మాంసకృత్తులు అందకపోయినా, మాటిమాటికీ జబ్బు చేసినా, శరీరం ముందు గుండెనూ మెదడునూ కాపాడుకుంటుంది. ఆ పొరకు వెళ్లాల్సిన సంకేతాలు తగ్గుతాయి, ఎముక నెమ్మదిస్తుంది. అన్నిటికన్నా వేగంగా పెరగాల్సిన రోజుల్లోనే అది నెమ్మదించడం వల్ల నష్టం అంత పెద్దదవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల ప్రకారం రెండేళ్ల ఆడపిల్లను పడుకోబెట్టి కొలిస్తే సగటు 86 సెంటీమీటర్లకు పైన. 80కి తగ్గితే ఎదుగుదల గిడసబారిందని లెక్క. ఆ ప్రమాణాలకు ఆధారమైన ఆరు చోట్లలో మన దక్షిణ ఢిల్లీ కూడా ఉంది. తిండీ శుభ్రతా సరిగ్గా అందిన ఢిల్లీ పిల్లలు నార్వే, అమెరికా పిల్లలతో దాదాపు సమానంగానే పెరిగారు. జీన్స్ మాట అన్న మిత్రుడికి నా మొదటి జవాబు ఇదే.

ఇక ఆ డబ్బాల సంగతి. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చుట్టుపక్కల పల్లెల మగపిల్లలను ఏళ్ల తరబడి కొలిచారు. ఐదేళ్లకు గిడసబారిన పిల్లలు ఆ తర్వాత పెద్దయ్యేదాకా పెరిగిన ఎత్తు, బాగా పెరిగిన పిల్లలు పెరిగిన ఎత్తుకు దాదాపు సమానమే. అంటే ఐదేళ్లకు ఉన్న లోటు ఐదేళ్ల తర్వాత పెరగలేదు, తీరనూ లేదు. ఆ లోటును మోసుకునే పెద్దవాళ్లయ్యారు.

తర్వాతైనా మంచి తిండి పెడితే తీరదా అని అడిగేవారికి ఇంకో సంగతి చెప్పాలి. భారతదేశం నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లిన 114 మంది ఆడపిల్లలపై 1991లో ఒక అధ్యయనం వెలువడింది. అక్కడికి చేరగానే మంచి తిండి దొరికి వాళ్లు వేగంగా ఎత్తు పెరిగారు. కానీ చాలామంది పదకొండున్నర ఏళ్లకే రజస్వలయ్యారు. దాంతో ఎముకల చివరి పొరలు ముందే మూసుకుపోయి, చివరికి సగటు ఎత్తు 154 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. వచ్చేటప్పటికే ఎక్కువ గిడసబారిన పిల్లలు ఎక్కువ పొట్టిగా మిగిలారు. మనం డబ్బా ఇవ్వబోయేది పద్నాలుగు, పదిహేనేళ్ల అమ్మాయికి. రజస్వల అయ్యాక ఆడపిల్ల సాధారణంగా మరో రెండు మూడు అంగుళాలే పెరుగుతుంది. ఆ వయసు పిల్లలకు మంచి తిండి వద్దనడం లేదు. రక్తహీనత తగ్గుతుంది, ఓపిక వస్తుంది, రేపు తల్లయ్యే పిల్లకు అది కావాల్సిందే. కానీ "ఎత్తు పెరుగుతారు" అని చెప్పి ఇస్తే ఆ పిల్లలకు మనం అబద్ధం చెప్పినట్టే.

మన ఊళ్లలోనే దీనికి సరైన ప్రయత్నం ఒకటి జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం విడతలవారీగా విస్తరించింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగతా 14 గ్రామాలకు పథకం అప్పటికి చేరలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యాక మళ్లీ కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఊళ్లను చీటీ తీసి ఎంచలేదు కాబట్టి తేడా అంతా ఉప్మా వల్లే అని గట్టిగా చెప్పలేం. 14 మిల్లీమీటర్లంటే చిటికెన వేలు మందం, అదీ నిజమే. అయితే వాళ్ల రక్తనాళాలు తక్కువ గట్టిపడి ఉన్నాయి, ఇన్సులిన్ కూడా మెరుగ్గా పని చేస్తోంది. ఇంటికొకరు షుగరు మాత్రలు వేసుకునే మనవాళ్లకు దాని విలువ నేను చెప్పక్కర్లేదు.

అక్క ఎత్తు వేదిక మీద నవ్వుకు మాత్రమే కారణం కాలేదు. 145 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న తల్లికి కటి ఎముకల దారి ఇరుకుగా ఉండొచ్చని డాక్టర్లు ముందే జాగ్రత్త పడతారు. అక్క ఆ గీత మీదే ఉంది. మొదటి కాన్పులో ఒక రోజంతా నొప్పులు పడి, చివరికి ఆపరేషన్ చేయించుకుంది. పుట్టిన బిడ్డ రెండు కిలోలు. ఆ అమ్మాయి ఇప్పుడు నాలుగడుగుల పదకొండు.

ఇది పాత కథ అనుకునేవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. 2015-16లో తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 28 శాతం గిడసబారి ఉంటే, 2019-21లో అది 33 శాతమైంది. ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ 31 శాతమే. మనం ఏటా డిసెంబరులో ఫొటోలు దిగి వచ్చే ఊళ్లే ఇవి.

నా ఇంట్లో కూడా ఇదే చూశాను. అన్నప్రాశనకు పిలుస్తాం, బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం పెడతాం, ఏది పట్టుకుంటుందా అని వీడియో తీస్తాం. ఒక చెంచా పాయసం బిడ్డ నాలుకకు రాస్తాం. మరుసటి రోజు నుంచి చారన్నం. గుడ్డు వేడి చేస్తుంది, పప్పు అరగదు, నూనె దగ్గు తెస్తుంది అంటాం. 2019-21 సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో కనీసం సరిపడా తిండి అందింది 11 శాతానికే. ఇది పేదరికం ఒక్కటే చేసిన పని కాదు. అయినా ఆ చారన్నం కలిపిన చేతులను తిట్టలేను. మా నానమ్మ చేతులూ అవే.

కమిటీని నేను అడిగేది ఇదీ. ఆ డబ్బాల డబ్బును మనం ఎంచుకున్న ఊళ్లలో కూలికి వెళ్లే తల్లుల పిల్లల కోసం పెట్టండి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు తినిపించాలి. అంగన్‌వాడీ నుంచి బాలామృతం పొట్లం ఇంటికి వస్తుంది, కానీ పగలు దాన్ని కలిపి తినిపించే మనిషే ఇంట్లో ఉండదు. ఊరికి ఒక గది, ఇద్దరు ఆయమ్మలు, గట్టిగా వండిన పప్పన్నంలో చెంచా నూనె, రోజుకో గుడ్డు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు తిండి ఆపకుండా పెట్టడం. నెలకోసారి ఇద్దరు కలిసి బిడ్డను పడుకోబెట్టి, మోకాళ్లు చాపి, బల్ల మీద కొలవాలి. ఒక్కరే కొలిస్తే బిడ్డ కాళ్లు ముడుచుకుని సెంటీమీటరు తేడా వస్తుంది, ఆ లెక్క దేనికీ పనికిరాదు. నాలుగైదేళ్లు వరుసగా చెయ్యాలి. ఒక డిసెంబరులో అయ్యే పని కాదు, వేదిక మీద చూపించడానికి ఫొటో కూడా రాదు. మొదటి ఊరికి ఏడాది ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను.

ఇంకొక్కటి. వచ్చే ఉగాదికి మూడడుగుల సెమ్మె నేను తెస్తాను, నిలువెత్తు దాని పక్కన పెడదాం. అక్కను మళ్లీ రమ్మని అడుగుతాను.